చేత్తో రాసిన అర్జీని పద్ధతిగా టైపు లెటర్ చేయడం ఎలా? రాసినవాళ్ల మాట మారకుండా, మొదటి నుంచి చివరిదాకా

మా శ్రీకాకుళం, విజయనగరం వైపు చాలామంది అడుగుతున్నారు, ఇంట్లో పెద్దవాళ్లు నోట్‌బుక్ కాయితం మీద అర్జీ రాసి ఇస్తే దాన్ని ఆఫీసులో ఇచ్చేలా టైపు చేయడం ఎలా అని. టైపింగ్ వచ్చినవాళ్లకి కూడా ఇక్కడే తేడా కొడుతుంది. ఎందుకంటే లెటర్ అందంగా వస్తుంది గానీ, అందులో రాసినవాళ్లు అననిది ఒకటి వచ్చి చేరుతుంది, అన్నది ఒకటి జారిపోతుంది.

అన్ని రకాల లెటర్లూ చెప్తే ఏదీ సరిగ్గా అర్థం కాదు కాబట్టి మా దగ్గర ఎక్కువగా కనిపించే ఒక్క కేసే తీసుకుంటున్నా: భర్త చనిపోయాక ఆయన పేరున ఉన్న భూమి తన పేరున మార్చమని ఒక పెద్దావిడ ఎమ్మార్వో గారికి పెట్టుకునే అర్జీ. సంతకవిటి మండలం అనుకుందాం. పేర్లు ఖాళీగా వదిలేశా, నంబర్లు ఉదాహరణకి వేసినవి.

## 1. ముందు చిత్తు కాయితం ఉన్నదున్నట్టు ఎక్కించండి

చాలామంది కాయితం పక్కన పెట్టుకుని చదువుతూనే మంచి భాషలోకి మార్చి టైపు చేసేస్తారు. అలా చేయొద్దు. మొదటి ఫైల్‌లో తప్పులతో సహా, యాసతో సహా, కొట్టివేతలతో సహా ఉన్నది ఉన్నట్టే టైపు చేయండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది అంతే, తర్వాత "ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది" అన్న గొడవ ఉండదు.

మన చిత్తు ఇదీ:

> ఎమ్మార్వో గారికి దండాలు. నా పెనిమిటి పోయి రెండేళ్లు దాటిపోనాది. ఆయన పేరున ఎకరం అయిదు సెంట్లు బూమి ఉన్నాది, సర్వే నెంబరు 112లో 3. ఇంకా ఆయన పేరునే ఉండిపోనాది. నాకు ఇద్దరు కొడుకులు ఒక కూతురు, నా పేరున మార్చడం అందరికీ ఇష్టమే. పోయినేడు సంకురాత్రి ముందు అనుకుంటాను దరకాస్తు పెట్టినాము, కాయితాలన్నీ తీసుకున్నారు గాని పని అవనేదు. రెండు మూడు సార్లు ఆపీసుకి వొచ్చినాము, సర్వేయరు నేరు తర్వాత రమ్మన్నారు. బేంకులో పంట లోను అడిగితే పాసుబుక్కు నీ పేరున నేదు అన్నారు. నాను ఎవులి మీదా పిర్యాదు సెయ్యనేదు. నా పేరున మార్చి పాసుబుక్కు ఇప్పించండి. కాళ్లు నెప్పులు, తిరగలేను.

పైన మూలన కొడుకు వేరే పెన్నుతో "1.5 ఎ" అని రాశాడు. దాని సంగతి మూడో మెట్టులో చూద్దాం.

చేతిరాతలో ఒక అక్షరం తెలియకపోతే ఊహించి వేసేయకండి, అక్కడ [?] పెట్టి ముందుకు వెళ్లిపోండి. పాత రాతల్లో మ, య ఒకేలా ఉంటాయి, న, స కూడా అంతే, అంకెల్లో 1, 7 కలిసిపోతాయి, 3, 8 కలిసిపోతాయి. ఇంటిపేరులో ఒక్క అక్షరం మారితే మనిషే మారిపోతాడు కదా.

## 2. చిత్తుని మాటమాటగా కాకుండా పని ప్రకారం విడదీయండి

ఇప్పుడు ఎక్కించిన కాపీలో ప్రతి వాక్యం పక్కన అది ఏ రకమో రాసుకోండి. నాలుగు రకాలే ఉంటాయి.

- అడిగేది: నా పేరున మార్చాలి, పాసుబుక్కు ఇప్పించాలి.
- జరిగింది: భర్త చనిపోయారు, దరఖాస్తు పెట్టారు, ఆఫీసుకి వచ్చారు, బ్యాంకులో లోను అడిగితే పాసుబుక్కు తన పేరున లేదన్నారు.
- గట్టిగా తెలియనిది: "సంకురాత్రి ముందు అనుకుంటాను", "రెండు మూడు సార్లు".
- వద్దన్నది: "ఎవులి మీదా పిర్యాదు సెయ్యనేదు".

ఈ చివరిది చాలామంది తీసేస్తారు, ఆఫీసు లెటర్‌లో ఇది ఎందుకులే అని. నా ఉద్దేశంలో ఆవిడ చిత్తులో బాగా ఆలోచించి రాసిన మాట ఇదే. రేపు మళ్లీ అదే ఆఫీసుకి, అదే మనుషుల దగ్గరికి వెళ్లాల్సింది ఆవిడే. దీన్ని తీసేసి పైగా "సిబ్బంది నిర్లక్ష్యం వల్ల" అని మనం కలిపితే అర్జీ కాస్తా కంప్లయింట్ అయిపోతుంది, ఆవిడ వద్దన్న పనే మనం చేసినట్టు.

మీరు రాసే లెటర్ నిజంగా ఫిర్యాదే అయితే అది వేరే దారి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజల అర్జీలు తీసుకునే పీజీఆర్‌ఎస్‌కి వెళ్లొచ్చు, అడ్రసు కూడా కలెక్టర్ గారి పేరున ఉంటుంది. ఈ కేసులో ఆవిడ అడిగింది ఎమ్మార్వో గారినే, కాబట్టి లెటర్ అక్కడికే.

## 3. టైపు మొదలుపెట్టేముందు కాయితాలతో సరిచూడండి

చిత్తు ఒక చేతిలో, అసలు కాయితాలు ఒక చేతిలో పెట్టుకుని కూర్చోండి. ఈ కేసుకి దగ్గర ఉండాల్సినవి:

- పాత పట్టాదారు పాసుపుస్తకం, భూమి హక్కుల రికార్డు 1బి కాపీ
- భర్త మరణ ధృవీకరణ పత్రం
- కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం
- ఆధార్ కార్డు
- ముందు పెట్టిన దరఖాస్తు రశీదు, లేదా ఫోన్‌కి వచ్చిన మెసేజ్

విస్తీర్ణం. ఆవిడ రాసింది ఎకరం అయిదు సెంట్లు. కొడుకు రాసింది 1.5. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి రికార్డులో 1.50 అంటే ఎకరం యాభై సెంట్లు, ఎకరం అయిదు సెంట్లు కావాలంటే 1.05 అని ఉండాలి. 1.5 అని టైపు చేస్తే చదివేవాళ్లు దాదాపు ఖాయంగా ఎకరన్నర అనుకుంటారు, అంటే నలభై అయిదు సెంట్లు తేడా, 1బితో కలవదు, అర్జీ అక్కడే ఆగుతుంది. పాసుబుక్కులో 1.05 ఉంది, అంటే అమ్మ రాసిందే కరెక్టు. అందుకే లెటర్‌లో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రెండు రకాలుగా రాయండి: ఎ.1-05 సెంట్లు, అక్షరాలా ఒక ఎకరం అయిదు సెంట్లు.

సర్వే నంబరు. "112లో 3" అన్నది మాటల్లో బాగానే ఉంటుంది, లెటర్‌లో మాత్రం 1బిలో ఎలా ఉందో అలాగే, 112-3 అని ఉంటే గీతతో, 112/3 అని ఉంటే ఏటవాలు గీతతో. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే కొత్త రికార్డులో సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం నంబరు వస్తుంది, అప్పుడు పాత సర్వే నంబరు, ఎల్‌పీఎం నంబరు రెండూ వేయండి.

జిల్లా. ఇది మా దగ్గర ప్రత్యేకం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. పాత పాసుబుక్కు మీద శ్రీకాకుళం జిల్లా అనే ఉంటుంది, దాన్ని చూసి అడ్రసులో అదే దింపేస్తున్నారు. లెటర్ ఇప్పుడు రాస్తున్నాం కాబట్టి విజయనగరం జిల్లా అనే రాయాలి.

పేరు. ఆధార్‌లో ఒకలా, పాసుబుక్కులో ఒకలా ఉంటే మీకు నచ్చింది పెట్టేయకండి. ఆధార్‌లో ఉన్నట్టు రాసి, భర్త పేరు మాత్రం పాసుబుక్కులో ఉన్నట్టు రాయండి. తేడా పెద్దదైతే ఆ సంగతి లెటర్‌లోనే ఒక వాక్యంలో చెప్పేయడం మంచిది.

## 4. రాసినవాళ్లని అడగండి, కానీ జవాబు మీరే అందించకండి

సరిచూసాక కొన్ని ఖాళీలు మిగులుతాయి. ఫోన్ చేసైనా అడగాలి. అడిగే పద్ధతి ముఖ్యం. "అమ్మా, వాళ్లు మిమ్మల్ని కావాలనే తిప్పుతున్నారా" అంటే ఎవరైనా అవునంటారు. "అమ్మా, ఆఫీసుకి వెళ్లినప్పుడు ఏమన్నారు" అని అడిగి ఊరుకోండి.

ఈ చిత్తుకి అడగాల్సినవి నాలుగే.

- దరఖాస్తు పెట్టినప్పుడు రశీదు ఇచ్చారా, ఎవరి ఫోన్ నంబరు ఇచ్చారు?
- ఇచ్చిన కాయితాలు ఒరిజినల్సా, జిరాక్సులా?
- "అందరికీ ఇష్టమే" అన్నది పిల్లలు నోటితో అన్నదా, ఏమైనా రాసి ఇచ్చారా?
- పని అయ్యేదాకా వేరే ఎవరినైనా పంపొచ్చా, మీరే రావాలనుకుంటున్నారా?

మొదటి ప్రశ్నకి చాలాసార్లు కొడుకు ఫోన్‌లో పాత మెసేజ్ దొరుకుతుంది, దాంట్లో దరఖాస్తు నంబరు, తేదీ రెండూ ఉంటాయి. అదే దొరికితే "సంకురాత్రి ముందు అనుకుంటాను" అన్నది తీసేసి అసలు తేదీ వేయొచ్చు. దొరక్కపోతే "గత ఏడాది సంక్రాంతికి ముందు" అనే రాయండి. క్యాలెండర్ చూసి ఒక జనవరి తేదీ పెట్టేయడం మాత్రం వద్దు, వాళ్ల రిజిస్టర్‌లో ఆ తేదీన ఏమీ కనిపించకపోతే దరఖాస్తే పెట్టలేదు అంటారు.

మూడో ప్రశ్న ఇంకా జాగ్రత్త. భర్త వీలునామా లేకుండా చనిపోతే హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్య, కొడుకులు, కూతురు అందరూ వారసులే. "అందరికీ ఇష్టమే" అన్నదాన్ని కొంతమంది గంభీరంగా ఉంటుందని "నా పిల్లలు తమ హక్కులను వదులుకున్నారు" అని టైపు చేస్తున్నారు. ఆవిడ అలా అనలేదు, వాళ్లూ అనలేదు. హక్కు వదులుకోవడం అంటే దానికి రిజిస్టర్ అయ్యే దస్తావేజు వేరే ఉంటుంది, అర్జీలో ఒక లైనుతో అయ్యేది కాదు, పైగా రేపు కూతురు ఈ కాయితం చూస్తే ఇంట్లో గొడవ. "అభ్యంతరం లేదని తెలిపారు" అంటే చాలు, అన్నది అదే.

## 5. మాట మార్చొచ్చు, బరువు మార్చకూడదు

యాస మాట తీసి ఆఫీసులో వాడే మాట పెట్టడంలో తప్పు లేదు. "పెనిమిటి" బదులు భర్త, "ఎమ్మార్వో" బదులు తహసీల్దార్, "నా పేరున మార్చడం" బదులు మ్యుటేషన్, ఎందుకంటే అక్కడ ఆ పనికి పేరు అదే, గుమస్తా ఏ ఫైల్‌లో పెట్టాలో వెంటనే తెలుస్తుంది. కానీ మాట బరువు పెరగకూడదు, తగ్గకూడదు. ఇలా చూడండి:

- "రెండు మూడు సార్లు వొచ్చినాము" → *రెండు మూడు పర్యాయాలు వచ్చాము.* "అనేకసార్లు తిరిగి విసిగిపోయాము" కాదు.
- "సర్వేయరు నేరు అన్నారు" → *సర్వేయర్ అందుబాటులో లేరని తెలిపారు.* "సర్వేయర్ విధులకు హాజరు కావడం లేదు" కాదు, అది ఒక ఉద్యోగి మీద ఆరోపణ.
- "కాళ్లు నెప్పులు, తిరగలేను" → *కాళ్ల నొప్పుల వల్ల పలుమార్లు రాలేకపోతున్నాను.* "వికలాంగురాలిని" అని రాయకూడదు, దానికి సర్టిఫికెట్ అడుగుతారు.
- "ఇప్పించండి" → *ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.* "కాళ్లావేళ్లా పడి ప్రాధేయపడుతున్నాను" అక్కర్లేదు, ఆవిడ బతిమాలలేదు, అడిగింది.

## 6. వరస మార్చి టైపు చేయండి

చిత్తులో అడిగేది చివరకి వచ్చింది, మనం మాట్లాడేటప్పుడు అలాగే వస్తుంది. లెటర్‌లో మాత్రం విషయం దగ్గరే అడిగేది తెలియాలి, తర్వాత జరిగినవి వరసగా, చివర మళ్లీ అడిగేది. పూర్తయిన లెటర్ ఇదీ:

> తేదీ: ______
>
> శ్రీయుత తహసీల్దార్ గారికి,
> తహసీల్దార్ కార్యాలయం, సంతకవిటి మండలం, విజయనగరం జిల్లా.
>
> అయ్యా,
>
> విషయం: ______ గ్రామం సర్వే నం. 112-3 లోని ఎ.1-05 సెంట్ల భూమిని వారసత్వ రీత్యా నా పేరున మ్యుటేషన్ చేసి పాసుపుస్తకం ఇప్పించుట గురించి.
>
> సూచిక: నా దరఖాస్తు నం. ______, తేదీ ______.
>
> నేను ______ గ్రామ నివాసిని. నా భర్త కీ.శే. ______ గారు ______ తేదీన మరణించారు. ఆయన పేరున పై సర్వే నంబరులో ఎ.1-05 సెంట్లు (అక్షరాలా ఒక ఎకరం అయిదు సెంట్లు) భూమి ఉంది. ఆ భూమి రికార్డుల్లో ఇప్పటికీ ఆయన పేరునే ఉంది.
>
> మాకు ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె. భూమిని నా పేరున మార్చడానికి తమకు అభ్యంతరం లేదని ముగ్గురూ తెలిపారు.
>
> పై సూచికలోని దరఖాస్తుతో కాగితాలన్నీ సమర్పించాము. ఆ తర్వాత రెండు మూడు పర్యాయాలు కార్యాలయానికి వచ్చాము. సర్వేయర్ అందుబాటులో లేరని, తర్వాత రమ్మని తెలిపారు. పని ఇంకా పూర్తి కాలేదు.
>
> బ్యాంకులో పంట రుణం అడిగితే పాసుపుస్తకం నా పేరున లేదని తెలిపారు. కాళ్ల నొప్పుల వల్ల పలుమార్లు రాలేకపోతున్నాను. ఈ అర్జీ ఎవరి మీదా ఫిర్యాదు కాదు.
>
> కావున పై భూమిని నా పేరున మ్యుటేషన్ చేసి పట్టాదారు పాసుపుస్తకం ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.
>
> ఇట్లు,
> (సంతకం / వేలిముద్ర)
> పేరు, చిరునామా, ఫోన్ నంబరు
>
> జతపరచినవి: 1. మరణ ధృవీకరణ పత్రం 2. కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రం 3. పాసుపుస్తకం, 1బి 4. ఆధార్ 5. దరఖాస్తు రశీదు (అన్నీ నకళ్లు)

ఒక్క పేజీ దాటలేదు చూడండి. చిత్తులో ఉన్న సంగతి ఒక్కటీ పోలేదు, లేనిది ఏదీ రాలేదు. ఆఫీసు మాటలు, తేదీలు, నంబర్లు మాత్రమే కొత్తగా వచ్చాయి, ఆ తేదీలు, నంబర్లు కూడా కాయితాల్లోంచే.

## 7. టైపింగ్‌లో వచ్చే తిప్పలు

యూనికోడ్‌లోనే టైపు చేయండి. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు, ప్రింట్ బాగానే వస్తుంది గానీ ఆ ఫైల్‌ని వేరే కంప్యూటర్‌లో తెరిస్తే లేదా ఆన్‌లైన్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తాయి. షాపులో చేయిస్తుంటే ముందే అడగండి, అను అయితే కనీసం పీడీఎఫ్ అయినా తీసుకోండి.

ఫోన్‌లో Gboard లో తెలుగు పెట్టుకుంటే చాలు. విండోస్ కంప్యూటర్‌లో సెట్టింగ్స్‌లో తెలుగు భాష యాడ్ చేసుకుని `Win + Space` నొక్కితే కీబోర్డు మారుతుంది. ఫాంట్ Nirmala UI లేదా Gautami, సైజు 12 లేదా 13. A4 పేజీ, ఎడమవైపు మార్జిన్ ఒకటిన్నర అంగుళం వదలండి, ఫైల్‌లో పంచ్ చేసినప్పుడు అక్షరాలు పోకుండా.

వర్డ్‌లో రెండు విషయాలు చూసుకోవాలి. సర్వే నంబరు 1/2 లాంటిదైతే వర్డ్ దానంతట అదే ½ చేసేస్తుంది, వెంటనే `Ctrl + Z` కొడితే మళ్లీ మామూలుగా వస్తుంది. రెండోది, 112-3 లైను చివర పడితే 112- ఒక లైన్లో, 3 కింద లైన్లో పడుతుంది, అక్కడ మామూలు గీత బదులు `Ctrl + Shift + -` నొక్కితే విడిపోదు.

వాయిస్ టైపింగ్ వాడేవాళ్లు అంకెలు మాత్రం చేత్తోనే కొట్టండి.

## 8. చదివి వినిపించాకే సంతకం

ప్రింట్ తీసే ముందు రాసినవాళ్లకి మొత్తం చదివి వినిపించండి, సారాంశం చెప్పడం కాదు, అక్షరం అక్షరం. వాళ్లు ఏ మాట దగ్గర ఆగితే అక్కడ మీరు ఏదో మార్చారన్నమాట. "అవును, కానీ..." అన్నారంటే ఆ కానీ తర్వాత వచ్చేదే లెటర్‌లో ఉండాలి. తర్వాత మీ మొదటి ఫైల్ పక్కన పెట్టుకుని రెండో మెట్టులో రాసుకున్న నాలుగు రకాలూ లెటర్‌లో ఉన్నాయా అని టిక్ పెట్టుకోండి.

వేలిముద్ర అయితే పక్కన "ఫలానా వారి వేలిముద్ర" అని రాసి, కింద "చదివి వినిపించగా అంగీకరించి వేలిముద్ర వేశారు" అని ఒక లైను వేసి, చదివినవాళ్లు పేరు రాసి సంతకం పెట్టండి. ఖాళీ కాయితం మీద ముందే వేలిముద్ర తీసుకుని తర్వాత టైపు చేయడం మాత్రం ఎంత నమ్మకం ఉన్నా వద్దు.

## 9. ఇచ్చేటప్పుడు

- రెండు ప్రింట్లు, రెండింటి మీదా సంతకం.
- జతపరచినవి లెటర్‌లో రాసిన వరసలోనే పెట్టి పిన్ చేయాలి.
- ఒరిజినల్స్ ఇవ్వొద్దు, చూపించడానికి మాత్రం తీసుకెళ్లండి.
- రెండో ప్రింట్ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి, నంబరు ఇస్తే అక్కడే రాయించుకోండి.
- ముద్ర వేసిన కాపీ ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచండి.

చిత్తు కాయితం పారేయకండి, ముద్ర వేసిన కాపీ వెనకాలే పిన్ చేసి ఉంచండి. మళ్లీ గుర్తుచేస్తూ లెటర్ పెట్టాల్సి వస్తే సూచిక దగ్గర ఈ ముద్ర తేదీ, నంబరు వేసి, జరిగింది అన్న దగ్గర కొత్తగా జరిగినది మాత్రం ఒక్క పేరా కలిపితే సరిపోతుంది, మిగతా లెటర్ అలాగే వాడుకోవచ్చు.